ట్రైనింగు బాండు ఉంది, రాజీనామా ఇస్తున్నా: డబ్బు కడతానని ఉత్తరంలో ఏమని రాయాలి?

నాగావళి_ఒడ్డు (సోమవారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. మాది రాయగడ. డిప్లొమా మెకానికల్ అయ్యాక ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. కంపెనీ పేరు వద్దు లెండి. చేరిన రోజే స్టాంపు పేపరు మీద బాండు రాయించుకున్నారు. మూడేళ్లు చేయాలి, మధ్యలో మానేస్తే లక్షా యాభై వేలు కట్టాలి. నావి రెండు ఖాళీ చెక్కులు తీసుకున్నారు. మా నాన్నగారి చేత జామీను సంతకం కూడా పెట్టించారు.

ఇప్పటికి 22 నెలలు నిండాయి. విశాఖలో వేరే ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలాఖరుకి చేరాలి, రిలీవింగు లెటరు లేకపోతే చేర్చుకోం అన్నారు. హెచ్చార్‌లో మాటవరసకి అడిగితే, "లక్షా యాభై, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం లక్షా డెబ్భై ఏడు వేలు. బాండు డబ్బు కడతానని రాసిచ్చి వెళ్లు" అన్నారు. ఆయన మాట్లాడేది ఒడియాలో, కాగితాలన్నీ ఇంగ్లీషులో.

ఎగ్గొట్టే ఉద్దేశం నాకు లేదు. న్యాయంగా ఎంతైతే అంత కడతాను. ఆ ఉత్తరంలో ఏమని రాయాలన్నదే నా అనుమానం. నేను ఇంగ్లీషులో రాసుకున్నది తెలుగులో ఇలా వస్తుంది:

"ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను. బాండును ఉల్లంఘిస్తున్నందుకు చింతిస్తున్నాను. కంపెనీ నిర్ణయించిన మొత్తం చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. దయచేసి నన్ను రిలీవ్ చేయగలరు."

సరిపోతుందా?

పర్లాకిమిడి_పులి (సోమవారం, రాత్రి 10.05)

ఏటి తమ్ముడూ, ఎందుకు కడతావు? ఒక్క పైసా కట్టకు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను చదువు. మనిషి ఫలానా చోట పని చేయకూడదని కట్టడి చేసే ఒప్పందం ఏదీ చెల్లదు. ఈ బాండులన్నీ కుర్రాళ్లని బెదిరించడానికే. రాజీనామా పడేసి విశాఖ రైలెక్కు. కేసు వేస్తే అప్పుడు చూసుకోవచ్చు.

మజ్జిగౌరమ్మ_వీధి (సోమవారం, రాత్రి 10.20)

లక్షన్నర వాళ్ల దగ్గర ఉండిపోతుందంటే దారుణం. చేరేటప్పుడు కట్టిన డిపాజిట్టు వడ్డీతో సహా వెనక్కి అడుగు బాబూ. మా మేనల్లుడు ఒక ఏజెన్సీకి అలాగే కట్టాడు, రసీదు ఉంది కాబట్టి వచ్చింది.

నాగావళి_ఒడ్డు (సోమవారం, రాత్రి 10.31)

లేదండీ, నేనేమీ డిపాజిట్టు కట్టలేదు. మానేస్తే కట్టాలని బాండులో ఉంది, అంతే.

పులి అన్నా, రిలీవింగు లెటరు లేకపోతే విశాఖ ఉద్యోగమే ఉండదు. అదీకాక నాన్నగారి సంతకం ఉంది.

పాత_పర్సనల్_ఆఫీసరు (మంగళవారం, ఉదయం 6.15)

బాబూ, ఆ ఉత్తరం ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. నేను గుణుపూర్ వాణ్ని. రిటైరయ్యే దాకా పర్సనల్ డిపార్టుమెంటులో ఉండి ఇలాంటి ఉత్తరాలు అందుకున్నవాణ్నే. బల్లకి అవతలి వైపు కూర్చుని నీ నాలుగు వాక్యాలూ ఎలా చదువుతామో చెప్తాను.

"ఇంటి పరిస్థితుల వల్ల" అన్నావు. వచ్చే నెల విశాఖలో వేరే కంపెనీలో తేలతావు. రేపు వ్యవహారం కోర్టుకెక్కితే, వీడు మొదటి వాక్యంలోనే అబద్ధం రాశాడని మా వకీలు చదివి వినిపిస్తాడు. కారణం రాయాలని ఎవరూ అడగలేదు, వదిలెయ్.

"ఉల్లంఘిస్తున్నందుకు" అన్నావు. నీ సంతకంతో నువ్వే నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది. మానేస్తే డబ్బు కట్టాలని ఆ బాండులోనే ఉన్నప్పుడు, కట్టి వెళ్లడం అదే కాగితం చూపించిన దారి. ఆ మాట వాడితే చాలు.

"కంపెనీ నిర్ణయించిన మొత్తం" అన్నావు. అన్నిటికన్నా ఖరీదైన మాట ఇదే. బాండులో లక్షన్నర ఉంది. నువ్వు దానికి కూడా పరిమితి తీసేశావు. జీఎస్టీ, నోటీసు, యూనిఫారం, ఏం కలిపినా నువ్వు ముందే సరేనన్నట్టే.

ఇక "దయచేసి రిలీవ్ చేయగలరు". చేయకపోతే? కడతానన్న మాట ఉంటుంది, వాళ్లు ఏం ఇవ్వాలో ఎక్కడా ఉండదు.

పులి గారి 27వ సెక్షను ఉద్యోగం వదిలాక ఇంకో చోట చేరనివ్వని షరతుల విషయంలో బాగా పనికొస్తుంది. ఉద్యోగంలో ఉండగా ఇన్నాళ్లు చేయాలి, లేదా ఇంత కట్టాలి అనే షరతుకి అది అడ్డు రాదు. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. మూడేళ్లు చేయాలి, లేకపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతును నిలబెట్టింది.

క్లాజు మాటలు యథాతథంగా పెట్టు. అది చూడకుండా ముసాయిదా రాయలేం.

గుణుపూర్_చిన్నోడు (మంగళవారం, ఉదయం 7.50)

అయితే ఇంకేముంది, సుప్రీంకోర్టే చెప్పాక మొత్తం కట్టాల్సిందే కదా. లక్షన్నర కట్టేసి దండం పెట్టి వెళ్లిపో అన్నా. బేరాలాడితే రిలీవింగు ఆపేస్తారు.

పాత_పర్సనల్_ఆఫీసరు (మంగళవారం, ఉదయం 8.30)

చిన్నోడా, అంత తొందర వద్దు. అది ప్రభుత్వరంగ బ్యాంకు. మళ్లీ నోటిఫికేషను ఇచ్చి, పరీక్ష పెట్టి మనిషిని తెచ్చుకోవాలి. ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఆ ఉద్యోగి స్థాయికీ జీతానికీ రెండు లక్షలు మరీ ఎక్కువేం కాదంది. షరతు చెల్లుతుందా అనేది ఒక ప్రశ్న, ఎంత ఇప్పిస్తారనేది ఇంకో ప్రశ్న. రెండోదానికి 74వ సెక్షను ఉంది. కాగితం మీద రాసిన అంకె గరిష్ఠం. దానికి లోబడి సబబైనంతే ఇప్పిస్తారు.

2011లో ఢిల్లీ హైకోర్టు తేల్చిన సిక్పా ఇండియా కేసు చూడండి. బాండు మూడేళ్లకి రెండు లక్షలు. ఉద్యోగి రెండేళ్ల దాకా పని చేసి వెళ్లిపోయాడు. శిక్షణకి నిజంగా అయిన ఖర్చు 67,595 రూపాయలని తేలింది. చివరికి కంపెనీకి దక్కింది 22,532, అంటే మూడో వంతు. అయితే ప్రతి కోర్టూ ఇలాగే గీత గీసినట్టు భాగం చేస్తుందని నమ్ముకోకూడదు.

నాగావళి_ఒడ్డు (మంగళవారం, రాత్రి 8.10)

బాండు కాపీ నాకు ఇవ్వలేదు. సంతకం పెట్టేటప్పుడు ఫోనులో ఫొటో తీసుకున్నాను, అదే ఉంది. అందులో తేదీ గడి ఖాళీగా ఉంది. తెలుగులో చెప్తున్నా:

3వ క్లాజు: "ట్రైనీ కంపెనీలో కనీసం మూడు సంవత్సరాలు సర్వీసు చేయవలెను."

7వ క్లాజు: "పై గడువు నిండకుండా మానుకున్నచో శిక్షణ ఖర్చు నిమిత్తం రూ.1,50,000 కంపెనీకి చెల్లించవలెను. చెల్లించనిచో హామీదారు చెల్లించవలెను."

11వ క్లాజు: వివాదాలన్నీ కోల్‌కతా కోర్టుల్లోనే.

అపాయింట్‌మెంటు ఆర్డరులో ఇంకో ముక్క ఉంది: "ఆరు నెలల శిక్షణ కాలం సర్వీసుగా పరిగణింపబడదు." నోటీసు ఒక నెల.

శిక్షణ అంటే, మొదట రెండు వారాలు భువనేశ్వర్‌లో క్లాసులు చెప్పారు, హాస్టలు వాళ్లదే. మిగతా కాలమంతా ఇక్కడే షిఫ్టుల్లో ఫిట్టర్ల పక్కన నిలబెట్టారు. మూడో నెల నుంచి బేరింగులు నేనే మార్చేవాణ్ని.

జైపూర్_లెక్కలు (మంగళవారం, రాత్రి 9.25)

నేను అకౌంట్స్ మనిషిని, నాకు తెలిసింది చెప్తాను తమ్ముడూ.

ముందు జీఎస్టీ తీసేయించు. ఉద్యోగి గడువుకి ముందే మానేస్తే వసూలు చేసే బాండు సొమ్ము ఏదో సేవకి ఇచ్చిన ప్రతిఫలం కాదని, దాని మీద జీఎస్టీ పడదని సీబీఐసీ 2022 ఆగస్టు 3న సర్క్యులరు ఇచ్చింది. నంబరు 178/10/2022-జీఎస్టీ. హెచ్చార్ వాళ్లకి తెలియకపోవచ్చు, వాళ్ల ఫైనాన్సు వాళ్లకి తెలుస్తుంది. అందుకని మెయిలు ఫైనాన్సుకి కూడా కాపీ పెట్టు. ఆ 27,000 అక్కడే పోతుంది.

ఇక వాటా లెక్క. నోటీసు నెల పూర్తిగా చేసి వెళ్తావు కాబట్టి లెక్క ఈ రోజుకి కాదు, ఆఖరి పనిదినానికి వేయాలి. అప్పటికి 23 నెలలు. 36లో మిగిలింది 13. నెలకి 4,166 చిల్లర చొప్పున 54,167 రూపాయలు.

వాళ్లు అపాయింట్‌మెంటు ఆర్డరు పట్టుకుని శిక్షణ ఆరు నెలలూ తీసేస్తారు. అప్పుడు నీ సర్వీసు 17 నెలలు, మిగిలింది 19, మొత్తం 79,167. మీ ఇద్దరి మధ్య నలిగేది ఈ పాతిక వేలే. లక్షా డెబ్భై ఏడు దగ్గర మొదలైన సంగతి గుర్తుపెట్టుకో.

పర్లాకిమిడి_పులి (మంగళవారం, రాత్రి 9.50)

అక్కా, అసలు ఖర్చే చూపించకుండా వాటా ఏమిటి? భువనేశ్వర్లో రెండు వారాల హాస్టలుకి లక్షన్నరా? సార్ చెప్పిన ఢిల్లీ కేసు ప్రకారం చూసినా, ముందు అసలు ఖర్చు తేలాలి, ఆ తర్వాత దాంట్లో వాటా. కుర్రాడు పది వేలు కూడా బాకీ ఉండడు. బేరింగులు మార్పించుకుని శిక్షణ అంటున్నారు, అది పని కాదా?

పాత_పర్సనల్_ఆఫీసరు (బుధవారం, ఉదయం 6.40)

పులి గారూ, ఈసారి మీరన్నదాంట్లో చాలా మటుకు సబబే. కోర్టులో వాదించేటప్పుడు అలాగే వాదించాలి. కానీ కోర్టు కోల్‌కతాలో ఉంది. ఇక్కణ్నుంచి వాయిదాలకి తిరగడానికీ అక్కడి వకీలుకీ అయ్యే ఖర్చు ఎంతవుతుందో మీరే అంచనా వేయండి. అందుకే నేను వాటా కడతానని అడగమంటున్నాను, అసలు ఖర్చు మాట ఉత్తరంలో మెత్తగా పెట్టమంటున్నాను. వాళ్లు వాటాకి ఒప్పుకోకపోతే ఖర్చు లెక్క చూపించాల్సి వస్తుంది. చాలా కంపెనీలకి ఆ కాగితాలు బయటికి తీయడం ఇష్టం ఉండదు.

బాబూ, 7వ క్లాజులో వాటా అన్న మాట ఎక్కడా లేదు. కాబట్టి "క్లాజు ప్రకారం వాటా కడతాను" అని రాయకు. అలా లేదని ఒక్క ముక్కలో తిప్పి కొడతారు. క్లాజులో ఏముందో ఉన్నట్టు రాసి, నువ్వు వాటా ఎందుకు సబబనుకుంటున్నావో నీ మాటగా రాయి.

రెండు వేర్వేరు ఉత్తరాలు ఇవ్వు. రాజీనామాలో బాండు ఊసే ఉండకూడదు. "ఫలానా తేదీ నుంచి రాజీనామా చేస్తున్నాను. ఒక నెల నోటీసు ఇస్తున్నాను. నా ఆఖరి పనిదినం ఫలానా." అంతే. రెండూ కలిపి రాస్తే, డబ్బు తేలలేదు కాబట్టి రాజీనామా కూడా అంగీకరించలేదని మేము పక్కన పెట్టేవాళ్లం. నోటీసు రోజులు లెక్కలోకి వచ్చేవి కావు. విడిగా ఉంటే ఆ వంక ఉండదు.

రెండోది బాండు ఉత్తరం. భావం తెలుగులో రాస్తున్నాను, ఇంగ్లీషులోకి నువ్వు మార్చుకో. పైన "వితౌట్ ప్రిజుడిస్" అని తప్పకుండా ఉండాలి. రాజీ కోసం రాసింది, కుదరకపోతే రేపు నా మీద సాక్ష్యంగా చూపించకండి అని దాని తాత్పర్యం.

"విషయం: శిక్షణ బాండు కింద చెల్లింపు.

నేను కంపెనీలో చేరిన రోజు సంతకం చేసిన శిక్షణ బాండు 7వ క్లాజులో, మూడేళ్లు నిండకముందు మానుకుంటే శిక్షణ ఖర్చు నిమిత్తం రూ.1,50,000 చెల్లించాలని ఉంది. నా ఆఖరి పనిదినానికి 36 నెలల్లో 23 నెలలు పూర్తవుతాయి. ఆ కాలంలో శిక్షణ ప్రయోజనం కంపెనీకి అందింది కనుక, మిగిలిన 13 నెలలకు రూ.54,167 చెల్లించడం సబబని భావిస్తున్నాను, అందుకు సిద్ధంగా ఉన్నాను. కంపెనీ లెక్క వేరైతే, నా శిక్షణకు అయిన ఖర్చు వివరాలు, బాండు కాపీ పంపవలసిందిగా కోరుతున్నాను.

ఈ మొత్తాన్ని కంపెనీ ఖాతాకు నెఫ్ట్ ద్వారా చెల్లిస్తాను. సొమ్ము అందిన రోజే రిలీవింగు లెటరు, నో డ్యూస్ సర్టిఫికెట్టు, రద్దు చేసిన అసలు బాండు, హామీగా ఇచ్చిన ఫలానా నంబర్ల చెక్కులు రెండూ నాకు అందజేయాలి. ఈ చెల్లింపుతో బాండు కింద నా బాధ్యత, హామీదారుగా సంతకం చేసిన మా తండ్రిగారి బాధ్యత పూర్తిగా తీరినట్టు రాతపూర్వకంగా తెలపాలి.

ఈ ప్రతిపాదన ఫలానా తేదీ వరకు ఉంటుంది. ఇది కుదరని పక్షంలో, ఇందులో ఉన్న దేన్నీ నేను బాకీ ఒప్పుకున్నట్టుగా తీసుకోరాదు."

ఫొటోలో తేదీ గడి ఖాళీగా ఉందన్నావు. ఆ తేదీ నువ్వు ఊహించి రాయకు, "చేరిన రోజు సంతకం చేసిన" అని వదిలెయ్. తర్వాత వాళ్లు ఏ తేదీ వేసుకున్నారో నీకు తెలియదు.

సొంత మెయిలు ఐడీ నుంచి పంపు. రాజీనామా ఇవ్వగానే కంపెనీ మెయిలు మూసేయడం మామూలే. ఒక ప్రతి స్పీడ్ పోస్టులో కూడా వేసి రసీదు దాచుకో.

బరంపురం_సిస్టర్ (బుధవారం, మధ్యాహ్నం 2.15)

ఆఫీసరు గారు చెక్కుల సంగతి రాశారు చూశారూ, దాని మీద నాకు జరిగింది చెప్పాలి. నేను నర్సుని. ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బాండు మీద చేశాను. మానేసేటప్పుడు "బాండు డబ్బు నా సెటిల్‌మెంటులో మినహాయించుకోండి" అని ఒక్క లైను రాసిచ్చాను. ఆఖరి జీతం, సెలవుల డబ్బు మొత్తం పట్టుకున్నారు. అయిపోయింది కదా అనుకున్నాను. కొన్నాళ్లకి హామీ చెక్కు బ్యాంకులో వేశారు. ఖాతాలో డబ్బు లేక వెనక్కొచ్చింది, వకీలు నోటీసు వచ్చింది. ఎంత పట్టుకున్నారో, దేనికి పట్టుకున్నారో నా దగ్గర ఒక్క కాగితం లేదు. నా సర్టిఫికెట్లు అసలువి కూడా వాళ్ల దగ్గరే ఉండేవి. చివరికి మా అన్నయ్య వెళ్లి కూర్చుని మాట్లాడితే తెమిలింది, ఎంతకి తెమిలిందో చెప్పను లెండి.

తమ్ముడూ, నీ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

నాగావళి_ఒడ్డు (బుధవారం, సాయంత్రం 6.05)

అమ్మయ్య, సర్టిఫికెట్లు నా దగ్గరే ఉన్నాయి సిస్టర్. జిరాక్సులే ఇచ్చాను. చెక్కుల మాటకొస్తే భయం వేస్తోంది. బ్యాంకుకి చెప్పి స్టాప్ పేమెంటు పెట్టేస్తే?

జైపూర్_లెక్కలు (బుధవారం, రాత్రి 8.40)

స్టాప్ పేమెంటు పెడితే కేసు రాదనుకోకు. అలా తిరిగొచ్చిన చెక్కు మీద కూడా చెక్కు బౌన్సు కేసుల 138వ సెక్షను కింద నోటీసు ఇస్తారు. నోటీసు అందాక 15 రోజుల్లోగా కట్టకపోతే కోర్టుకెళ్తారు. అసలు బాకీ ఎంత అన్నది అక్కడ వాదించుకోవాలి. నీ బాండు ఉత్తరం ముందే వెళ్లి ఉంటే, ఆ చెక్కు దేని కోసం ఇచ్చావో, నీ లెక్క ఎంతో కాగితం మీద ఉంటుంది. కాబట్టి ఉత్తరం ముందు పంపు.

ఇంకో మాట. సిస్టర్ గారిలా సెటిల్‌మెంటులో మినహాయించుకోమని రాయకు. అందులో సౌకర్యం ఉంది, చేతి డబ్బు తీయక్కర్లేదు. కానీ ఏ అంకె పట్టుకుంటారో వాళ్ల చేతిలోకి పోతుంది. నువ్వు కట్టేది నువ్వు కట్టు, నీకు రావాల్సింది వాళ్ల దగ్గర విడిగా తీసుకో. పీఎఫ్ జోలికి ఎలాగూ రాలేరు, బాండు పేరు చెప్పి దాన్ని పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

గుణుపూర్_చిన్నోడు (బుధవారం, రాత్రి 9.10)

విశాఖ కంపెనీ ఈ డబ్బు ఇస్తుందేమో అడిగావా అన్నా? మా ఫ్రెండుకి ఇచ్చారు. రసీదు చూపించమన్నారంతే.

నాగావళి_ఒడ్డు (బుధవారం, రాత్రి 9.22)

అడగలేదు. అడుగుతాను. ఉత్తరాలు రెండూ రేపు ఇస్తున్నా.

నాగావళి_ఒడ్డు (తర్వాతి బుధవారం, రాత్రి 8.55)

జవాబు వచ్చింది. రాజీనామా అంగీకరించారు, ఆఖరి రోజు నేను రాసిన తేదీయే. బాండు మీద ఫైనాన్సు నుంచి మెయిలు వచ్చింది: జీఎస్టీ లేదు. శిక్షణ ఆరు నెలలు సర్వీసు కాదు కాబట్టి 79,167 కట్టాలి. అక్క చెప్పిన అంకె రూపాయి తేడా లేకుండా వచ్చింది. ఖర్చు వివరాలు మాత్రం పంపలేదు. చెక్కులు "సంస్థ పద్ధతి ప్రకారం తరువాత" ఇస్తారట. నాన్నగారి మాట అసలు ఎత్తలేదు. కడుతున్నప్పుడు "స్వచ్ఛందంగా, ఏ అభ్యంతరమూ లేకుండా చెల్లిస్తున్నాను" అనే కాగితం మీద సంతకం పెట్టాలట.

విశాఖ వాళ్లు ఏభై వేల దాకా ఇస్తామన్నారు, రసీదు మీద.

పర్లాకిమిడి_పులి (తర్వాతి బుధవారం, రాత్రి 9.15)

సంతకం పెట్టకు. "అండర్ ప్రొటెస్ట్" అని రాసి కట్టు, తర్వాత వెనక్కి అడగొచ్చు. విజయా బ్యాంకు కేసులో ఆ ఉద్యోగి కూడా అలాగే కట్టి, ఆ తర్వాతే కోర్టుకెళ్లాడు. ఖర్చు చూపించనప్పుడు ఆ పాతిక వేలు ఎందుకు వదులుకోవాలి?

పాత_పర్సనల్_ఆఫీసరు (గురువారం, ఉదయం 6.30)

అండర్ ప్రొటెస్ట్ అని కట్టొచ్చు, అది మంచి ఆయుధమే. కానీ అదే ఉత్తరంలో "దీనితో ఇరువైపులా లెక్క చెల్లు" అని అడగలేవు. వెనక్కి అడిగే హక్కు నువ్వు అట్టిపెట్టుకుంటే, చెక్కులు అట్టిపెట్టుకునే సాకు వాళ్లకి దొరుకుతుంది, నాన్నగారి జామీను వేలాడుతూ ఉంటుంది. పూర్తి లక్షన్నర కట్టమని మొండికేసి ఉంటే నేనే ప్రొటెస్ట్ రాయమనేవాణ్ని. ఇప్పుడు తేడా పాతిక వేలు. దాన్ని వదిలేసి చెక్కులూ జామీనూ విడిపించుకోవడం మేలని నా అభిప్రాయం. పులి గారు ఒప్పుకోరు, అది వారి ఇష్టం.

సంతకం పెట్టే కాగితంలో "స్వచ్ఛందంగా" ఉన్నా పరవాలేదు, "బాండు కింద తుది పరిష్కారంగా, ఇరుపక్షాల అంగీకారంతో" అన్న మాట చేర్పించు. జవాబు ఇలా పెట్టు:

"మీ మెయిలులోని రూ.79,167 కు, బాండు కింద తుది పరిష్కారంగా, అంగీకరిస్తున్నాను. నా మొదటి ఉత్తరంలో కోరినట్టు చెక్కులు రెండూ, రద్దు చేసిన బాండు చెల్లింపు రోజునే ఇస్తారని, హామీదారు బాధ్యత కూడా తీరినట్టు లెటరులో ఉంటుందని తెలిపిన వెంటనే నెఫ్ట్ చేస్తాను."

డబ్బు వేశాక అడిగితే ఈ రెండూ రావు. ముందు ఒప్పించు.

పర్లాకిమిడి_పులి (గురువారం, ఉదయం 9.00)

నేను ఒప్పుకోను సార్. అందరూ ఇలా వదిలేస్తూ పోతేనే స్టాంపు పేపర్ల మీద నోటికొచ్చిన అంకెలు రాస్తున్నారు. తమ్ముడి అవసరం తమ్ముడిది, కాదనను.

బరంపురం_సిస్టర్ (గురువారం, మధ్యాహ్నం 1.30)

చెక్కులు కనపడటం లేదంటే ఏం చేస్తావో కూడా ఆలోచించుకో. మాకు అదే చెప్పారు మొదట.

జైపూర్_లెక్కలు (గురువారం, రాత్రి 8.20)

అలా అంటే, ఫలానా నంబర్ల చెక్కులు దొరకలేదు, దొరికినా బ్యాంకులో వేయం, వాటి మీద మాకు ఏ హక్కూ లేదు అని లెటర్‌హెడ్ మీద రాయించి ముద్ర వేయించుకో. అది చేతికొచ్చాక స్టాప్ పేమెంటు పెట్టినా ఇబ్బంది లేదు.

నెఫ్ట్ రిమార్కులో నీ ఎంప్లాయీ నంబరు, "బాండు తుది చెల్లింపు" అని పెట్టు. విశాఖ వాళ్లకి రసీదు కావాలన్నావుగా, రసీదులో నోటీసు అనో మరొకటనో కాకుండా శిక్షణ బాండు అనే రాయించు. వాళ్లిచ్చే ఏభై వేలు జీతంలో కలిపి పన్ను కోస్తారేమో ఇప్పుడే కనుక్కో.

నాగావళి_ఒడ్డు (గురువారం, రాత్రి 9.05)

సార్ రాసిన జవాబు పంపేశాను. ఒక చిక్కు వచ్చింది. మొదటి ఉత్తరంలో చెక్కుల నంబర్లు రాయలేదు, "రెండు చెక్కులు" అని మాత్రమే పెట్టాను. ఇచ్చేటప్పుడు ఎక్కడా రాసుకోలేదు.

జైపూర్_లెక్కలు (గురువారం, రాత్రి 9.12)

చెక్కుబుక్కు తీసి చూడు. చించిన ఆకులకి ముందూ వెనకా ఉన్న నంబర్లు ఉంటాయి కదా, మధ్యలో లేనివి రాసుకో. వాటిలో పాస్‌బుక్కులో పడినవి కొట్టెయ్. మిగిలినవి ఆ రెండే అయి ఉండాలి. రేపే ఇంకో మెయిలు పెట్టి నంబర్లు చేర్చు.

నాగావళి_ఒడ్డు (గురువారం, రాత్రి 9.40)

దొరికాయి అక్కా. పక్కపక్క నంబర్లే. బుక్కులో ఇంకో ఆకు కూడా లేదు, అది బండి డౌన్ పేమెంటుకి ఇచ్చాను, పాస్‌బుక్కులో ఉంది. పొద్దున్నే మెయిలు పెడతాను. కంపెనీ నుంచి ఇంకా ఏ జవాబూ రాలేదు.